డవ్‌టెయిల్ గాడి వెడల్పును పిన్నులతో సరిచూడటం: డ్రాయింగ్ కొలతల నుంచి పిన్నుల కొలతను లెక్కించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

గాడి పై వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో నేరుగా కొలిస్తే సరిపోదా?

సరిపోదు. డ్రాయింగ్‌లో పై వెడల్పుగా చూపించే కొలత, వాలు గోడ, పై ముఖం పదునైన గీతగా కలిసే చోట ఉన్నట్టు ఊహించిన కొలత. పని ముక్క మీద ఆ పదునైన గీత ఉండదు. 60 డిగ్రీల అంచు కత్తి మొనలా ఉంటుంది కాబట్టి బర్రు తీసేటప్పుడు ఆకురాయి ఒక్కసారి తగిలినా ఆ మొన పోతుంది, ఎక్కడ ఎంత పోయిందో ఒకేలా ఉండదు. బర్రు తీయకుండా కొలిస్తే కాలిపర్ దవడలు బర్రు మీద కూర్చుంటాయి. అడుగు వెడల్పుదీ ఇదే పరిస్థితి. అక్కడ మూలలో కట్టర్ ముక్కు గుండ్రం మిగిలి ఉంటుంది, లేదా మూలను తప్పించే చిన్న గాడి కోసి ఉంటుంది. కాబట్టి రెండు ఊహా బిందువులనూ వదిలేసి, నిజంగా ఉన్న రెండు ముఖాలకు, అంటే అడుగుకూ వాలు గోడకూ ఒకేసారి ఆనేలా గుండ్రని పిన్నును పెట్టి, దాని ద్వారా వెడల్పును తెలుసుకుంటాము.

"పిన్నుల మీద కొలత" అంటారు కదా, గాడిలో పిన్నుల మీద కొలవడం ఎలా?

ఆ మాట మగ డవ్‌టెయిల్ నుంచి వచ్చింది. అక్కడ పిన్నులు బయట ఉంటాయి కాబట్టి మైక్రోమీటర్‌ను వాటి మీదుగా వేస్తాము. గాడి విషయంలో పిన్నులు లోపలి మూలల్లో కూర్చుంటాయి, మనం కొలిచేది వాటి నడుమ ఉన్న ఖాళీని. పేరు ఒకటే అయినా గాడిలో పిన్ను వ్యాసం పెరిగితే కొలత తగ్గుతుంది, మగ భాగంలో పెరుగుతుంది. సూత్రంలో గుర్తు తారుమారయ్యే పొరపాటు చాలావరకు ఇక్కడే పుడుతుంది.

డ్రాయింగ్ నుంచి ఏయే కొలతలు తీసుకోవాలి?

మూడు కావాలి: ఏదో ఒక వెడల్పు, లోతు, కోణం. వెడల్పును కొందరు పైన ఇస్తారు, కొందరు అడుగున ఇస్తారు. ఏది ఇచ్చారో, టాలరెన్స్ దేనికి ఇచ్చారో ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే కింద చెప్పబోయే విషయమంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది. ఈ పేజీలో పై వెడల్పును A అని, అడుగు వెడల్పును B అని, లోతును H అని, పిన్ను వ్యాసాన్ని d అని, పిన్నుల నడుమ కొలతను M అని పిలుస్తాము. కోణం θ అంటే అడుగుకూ వాలు గోడకూ మధ్య మూలలో ఉన్న లఘుకోణం.

కోణాన్ని చదవడంలో ఒక చిక్కు ఉంది. కొన్ని డ్రాయింగులలో గోడ వాలును నిలువు నుంచి చూపిస్తారు, అప్పుడు 30 డిగ్రీలు అని రాసి ఉంటే మన θ 60 డిగ్రీలు అవుతుంది. మరికొన్నింటిలో రెండు వాలు గోడల మధ్య కోణాన్ని ఇస్తారు. ఆ కోణాన్ని 180 నుంచి తీసివేసి, మిగిలినదానిలో సగం తీసుకుంటే θ వస్తుంది. 60 డిగ్రీల గాడిలో గోడల మధ్య కోణం కూడా 60 డిగ్రీలే కాబట్టి తప్పుగా చదివినా జవాబు సరిగ్గానే వస్తుంది. ఆ అలవాటుతో 55 డిగ్రీల గాడికి వచ్చినవాళ్లు దెబ్బతింటారు, ఎందుకంటే అక్కడ గోడల మధ్య కోణం 70 డిగ్రీలు.

సూత్రం ఏమిటి, అది ఎలా వచ్చింది?

పిన్ను అడుగునూ వాలు గోడనూ తాకుతూ కూర్చున్నప్పుడు దాని కేంద్రం ఆ రెండింటికీ సమాన దూరంలో ఉంటుంది, అంటే మూల కోణాన్ని రెండు సమభాగాలు చేసే రేఖ మీద ఉంటుంది. కేంద్రం అడుగు నుంచి d/2 ఎత్తులో ఉంది కాబట్టి, ఊహా మూల నుంచి కేంద్రానికి అడ్డంగా ఉన్న దూరం d/2 ను tan(θ/2) తో భాగించినంత అవుతుంది. ఆ కేంద్రం నుంచి గాడి మధ్య వైపుకు ఇంకో d/2 వెళితే పిన్ను లోపలి అంచు వస్తుంది. ఈ రెండు దూరాల మొత్తాన్ని రెండు వైపులా B నుంచి తీసివేస్తే మిగిలేదే M.

```
B = A + 2H / tan(θ)
M = B - d × (1 + 1 / tan(θ/2))
```

డ్రాయింగ్‌లో B నేరుగా ఇచ్చి ఉంటే మొదటి పంక్తి అవసరం లేదు. కుండలీకరణాలలోని గుణకం 60 డిగ్రీలకు 2.73205, 55 డిగ్రీలకు 2.92098, 45 డిగ్రీలకు 3.41421. మొదటి పంక్తిలో పూర్తి కోణం, రెండో పంక్తిలో సగం కోణం ఉన్నాయని గమనించాలి. రెండుచోట్లా పూర్తి కోణమే వేసేస్తే 60 డిగ్రీల గాడికి 10 మిల్లీమీటర్ల పిన్నుతో వచ్చే M, అసలు జవాబు కంటే 11 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ వస్తుంది. అంత పెద్ద తేడా కాబట్టి ముక్క పాడు కాకముందే బయటపడుతుంది, అది అదృష్టమే.

స్ప్రెడ్‌షీట్‌లో లెక్కించేవారు TAN కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుందని మరచిపోకూడదు. A, H, θ, d విలువలు వరుసగా B1 నుంచి B4 వరకు గడులలో ఉంటే ఇలా రాయవచ్చు:

```
=B1+2*B2/TAN(RADIANS(B3))-B4*(1+1/TAN(RADIANS(B3/2)))
```

ఒక ఉదాహరణను మొదటి నుంచి లెక్కించి చూపగలరా?

డ్రాయింగ్‌లో పై వెడల్పు 40 మిల్లీమీటర్లు, టాలరెన్స్ పైకి 0.05, కిందికి సున్నా, లోతు 12 మిల్లీమీటర్లు, కోణం 60 డిగ్రీలు అని ఉందనుకుందాం. పిన్నుల వ్యాసం 10 మిల్లీమీటర్లు. లోతు సరిగ్గా 12.00 వచ్చిందని ప్రస్తుతానికి అనుకుంటే లెక్క ఇలా సాగుతుంది.

```
B = 40 + 2 × 12 / 1.73205 = 53.856
M = 53.856 - 10 × 2.73205 = 26.536
```

A 40.05 వరకు ఉండవచ్చు కాబట్టి M కూడా అంతే పెరగవచ్చు, దాని పై పరిమితి 26.586. వెడల్పులో వచ్చిన తేడా M లో యథాతథంగా కనిపిస్తుంది, దానికి ఏ గుణకమూ లేదు. ఈ ఉదాహరణనే ఇకముందు కూడా వాడుకుందాము.

లోతు డ్రాయింగ్ కొలతకు కొద్దిగా తేడాగా వస్తే M మారుతుందా?

టాలరెన్స్ పై వెడల్పుకు ఇచ్చి ఉంటే తప్పకుండా మారుతుంది. పిన్నులు పై వెడల్పును చూడవు. అవి అడుగు మీద కూర్చుని, అడుగున ఉన్న మూలల మధ్య దూరాన్ని చెబుతాయి. ఆ దూరం నుంచి పై వెడల్పుకు చేరాలంటే లోతు గుండా వెళ్లాలి. 60 డిగ్రీల గాడిలో లోతు 0.01 పెరిగితే, పై వెడల్పు మారకుండానే అడుగు వెడల్పు 0.0115 పెరుగుతుంది.

మన గాడి లోతు 12.00 కు బదులు 12.04 వచ్చిందనుకోండి. అప్పుడు పై వెడల్పు సరిగ్గా 40.00 ఉన్నా పిన్నుల నడుమ 26.582 కనిపిస్తుంది. 12.00 తో లెక్కించిన పరిమితులను చేతిలో పెట్టుకున్న వ్యక్తి, గాడి దాదాపు పై పరిమితికి చేరిందనుకుని కోయడం ఆపేస్తాడు. నిజానికి గాడి కింది పరిమితి మీద ఉంది. దీనికి వ్యతిరేకంగా లోతు 11.96 ఉంటే మరింత ప్రమాదం: M 26.536 రావాలని కోస్తూ పోతే, ఆ కొలత వచ్చేసరికి పై వెడల్పు 40.046 అయిపోయి ఉంటుంది, ఇంకొక్క స్వల్పమైన కోతతో ముక్క టాలరెన్స్ దాటిపోతుంది.

లోతుకు డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్ అటూ ఇటూ 0.05 అయితే, దాని వల్ల M లో వచ్చే అనిశ్చితి అటూ ఇటూ 0.058. వెడల్పుకు ఇచ్చిన మొత్తం టాలరెన్స్ 0.05 మాత్రమే. అంటే డ్రాయింగ్‌లోని నామమాత్రపు లోతుతో M ను ముందే లెక్కించి ప్రాసెస్ షీట్‌లో ఒకే అంకెగా రాసేస్తే ఆ అంకెకు విలువ లేదు. నా అభిప్రాయంలో ఈ పనిలో జరిగే తప్పులన్నింటిలో ఇదే ఎక్కువగా జరిగేది, ఇదే తక్కువగా గుర్తించేది. ముందు అడుగును పూర్తి కొలతకు తెచ్చి, లోతును కొలిచి, ఆ అసలు లోతును H స్థానంలో వేసి, ఆ తర్వాతే M పరిమితులను లెక్కించాలి.

టాలరెన్స్ అడుగు వెడల్పుకు ఇచ్చి ఉంటే ఈ సవరణ అక్కర్లేదు. M లెక్కలోకి లోతు రానే రాదు, దానిని విడిగా దాని టాలరెన్స్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఆ లోతును ఎక్కడ కొలవాలి?

పిన్ను కూర్చునే చోట కొలవాలి. చాలాసార్లు ముందు ఎండ్ మిల్లుతో చతురస్రపు గాడి కోసి, తర్వాత డవ్‌టెయిల్ కట్టర్‌తో పక్కలను కోస్తారు. రెండో కట్టర్ ఎత్తు అమరికలో 0.03 తేడా ఉంటే అడుగు మధ్యభాగానికీ పక్కలకూ మధ్య అంత మెట్టు ఏర్పడుతుంది. డెప్త్ మైక్రోమీటర్ మధ్యలో లోతును చూస్తుంది, పిన్ను మాత్రం పక్కన ఆ మెట్టు మీద కూర్చుంటుంది.

మన ఉదాహరణలో పిన్ను అడుగును తాకే గీత ఊహా మూల నుంచి 8.66 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. పై అంచు ఆ మూల మీదికి 6.93 మాత్రమే ముందుకు వచ్చింది కాబట్టి ఆ గీత పై నుంచి చూస్తే అంచుకు 1.7 మిల్లీమీటర్లు లోపలగా కనిపిస్తుంది. అందువల్ల ఒక సులువైన దారి ఉంది. పిన్నును మూలలో కూర్చోబెట్టి, పై ముఖం నుంచి పిన్ను నెత్తి వరకు డెప్త్ మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి పిన్ను వ్యాసాన్ని కలిపితే పిన్ను ఆనిన చోటి అసలు లోతు వస్తుంది. పిన్ను నెత్తి సరిగ్గా ఆ తాకే గీతకు పైనే ఉంటుంది కనుక ఇక్కడ వేరే లెక్క లేదు. రెండు వైపులా కొలిచి, తేడా ఉంటే సగటు లోతును లెక్కలో వాడవచ్చు. తేడా 0.02 దాటితే సగటు తీయడం మాని మెట్టును సరిచేయడం మంచిది.

పిన్ను వ్యాసాన్ని ఎలా ఎంచుకోవాలి?

మొదట పిన్ను వాలు గోడను గోడ మీదే తాకాలి, పై అంచును కాదు. తాకే చోటు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంటుందంటే:

```
h = (d/2) × (1 + cos θ)
```

60 డిగ్రీలకు ఇది వ్యాసంలో మూడు వంతులు, అంటే 0.75d. 10 మిల్లీమీటర్ల పిన్ను 7.5 ఎత్తులో తాకుతుంది, 12 లోతున్న గాడిలో అది హాయిగా గోడ మీదే ఉంది. 16 మిల్లీమీటర్ల పిన్ను సరిగ్గా అంచు దగ్గర తాకుతుంది, అక్కడ బర్రు తీసిన ముక్కు ఉంది కాబట్టి అది పనికిరాదు. కింది వైపున చూస్తే, పిన్ను వ్యాసార్ధం మూలలో కట్టర్ మిగిల్చిన గుండ్రం వ్యాసార్ధం కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే పిన్ను ఆ గుండ్రం మీదకెక్కి కూర్చుంటుంది. మూలలో తప్పింపు గాడి ఉంటే దాని వెడల్పు తాకే గీతను దాటి రాకూడదు.

ఈ రెండు హద్దుల మధ్య ఏ పిన్ను వాడినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. కోణం ఖచ్చితంగా 60 డిగ్రీలు ఉంటే అది నిజమే. కానీ కోణంలో కొద్ది తేడా ఉన్నప్పుడు పిన్ను ఎక్కడ తాకుతుందన్నది ముఖ్యమవుతుంది. టాలరెన్స్ పై వెడల్పుకు ఇచ్చి ఉంటే పిన్ను వీలైనంత పైకి, అంచుకు దగ్గరగా తాకాలి. టాలరెన్స్ అడుగు వెడల్పుకు ఇచ్చి ఉంటే చిన్న పిన్నే మేలు. మనకు కావలసిన వెడల్పు ఉన్నచోటికి పిన్ను తాకే చోటు ఎంత దగ్గరగా ఉంటే, కోణం తప్పు మన కొలతను అంత తక్కువగా పాడు చేస్తుంది. మన ఉదాహరణకు నేనైతే 14 మిల్లీమీటర్ల పిన్నును ఎంచుకుంటాను. అది 10.5 ఎత్తులో, అంచుకు 1.5 కిందుగా తాకుతుంది. దానితో M పరిమితులు 15.608 నుంచి 15.658 వరకు ఉంటాయి.

కోణం తప్పుగా ఉంటే పిన్నుల కొలత సరిగ్గా వచ్చినా గాడి తప్పు కావచ్చా?

కావచ్చు. అదెలాగో మన గాడిలోనే చూద్దాము. లోతు కొలిస్తే 12.00 వచ్చింది. 10 మిల్లీమీటర్ల పిన్నులతో M 26.58 వచ్చింది. పరిమితులు 26.536, 26.586 కాబట్టి గాడి అంగీకారయోగ్యమే అనిపిస్తుంది. అనుమానం తీరక 6 మిల్లీమీటర్ల పిన్నులతో కొలిస్తే 37.48 వచ్చింది. 6 మిల్లీమీటర్లకు పరిమితులు 37.464, 37.514, కాబట్టి ఇదీ లోపలే ఉంది, పైగా ఇంకా ఎక్కువ వెసులుబాటుతో ఉంది. రెండు జతల పిన్నులూ గాడి బాగుందనే అంటున్నాయి, కానీ ఎంత బాగుందన్న దానిలో రెండూ ఒక మాట మీద లేవు. 10 పిన్ను కింది పరిమితి కంటే 0.044 ఎక్కువ చెబుతోంది, 6 పిన్ను 0.016 మాత్రమే చెబుతోంది. కోణం సరిగ్గా ఉంటే ఈ రెండు అంకెలూ సమానంగా ఉండాలి.

ఈ తేడా నుంచే అసలు కోణాన్ని తీయవచ్చు. రెండు కొలతల తేడాలో B ఎగిరిపోతుంది, కోణం మాత్రమే మిగులుతుంది:

```
1 + 1/tan(θ/2) = (M1 - M2) / (d2 - d1)
               = (37.48 - 26.58) / (10 - 6)
               = 2.725
```

దీని నుంచి tan(θ/2) విలువ 1/1.725 అవుతుంది, θ సుమారు 60 డిగ్రీల 12 నిమిషాలు. ఇప్పుడు 26.58 కు 10 × 2.725 కలిపితే అసలు అడుగు వెడల్పు 53.83 వస్తుంది. దాని నుంచి ఈ కొత్త కోణంతో 2H/tan(θ) ను, అంటే 13.743 ను తీసివేస్తే పై వెడల్పు 40.087. డ్రాయింగ్ పరిమితి 40.05. గాడి 0.037 ఎక్కువ వెడల్పుగా ఉంది, అయినా రెండు జతల పిన్నులూ దాన్ని పట్టుకోలేదు.

14 మిల్లీమీటర్ల పిన్నును వాడి ఉంటే M 15.68 వచ్చేది, పై పరిమితి 15.658 దాటినందున తప్పు మొదటి కొలతలోనే బయటపడేది. పెద్ద పిన్ను ఎందుకు మేలని పైన చెప్పింది ఇందుకే.

అయితే రెండు పిన్నులతో తీసిన కోణాన్ని అతిగా నమ్మకూడదు. 6, 10 జతలతో కొలతల తేడాలో 0.01 పొరపాటు వస్తే కోణంలో 4 నిమిషాలకు పైగా తప్పు వస్తుంది. 6, 14 జతలను తీసుకుంటే అదే పొరపాటు సుమారు 2 నిమిషాలకు తగ్గుతుంది. వ్యాసాల మధ్య దూరం ఎంత ఎక్కువగా ఉంటే కోణం అంత నమ్మదగినదిగా వస్తుంది. మన ఉదాహరణలో 12 నిమిషాల తేడా కొలత పొరపాటు కంటే చాలా పెద్దది కాబట్టి నిర్ణయం మారదు. 3 నిమిషాలు వచ్చి ఉంటే దాన్ని కోణం తప్పని నేను అనేవాణ్ణి కాదు.

ఇంకో మాట: ఈ లెక్క రెండు వైపుల కోణాలూ ఒకటే అనుకుంటుంది. ఒక గోడ 60, మరొకటి 60 డిగ్రీల 24 నిమిషాలు ఉంటే మీకు సగటు 12 నిమిషాలే కనిపిస్తుంది. ఏ వైపు తప్పో తెలియాలంటే గాడికి సమాంతరంగా ఉన్న ఒక పక్క ముఖం నుంచి ఒక్కో వైపునూ విడిగా కొలవాలి.

డవెల్ పిన్నులను కొలిచే పిన్నులుగా వాడవచ్చా?

వాడవచ్చు, కానీ వాటి పెట్టె మీద రాసిన వ్యాసాన్ని కాకుండా మైక్రోమీటర్‌తో కొలిచిన వ్యాసాన్ని సూత్రంలో వేయాలి. గట్టిపరచిన డవెల్ పిన్నులు చాలావరకు m6 ఫిట్‌లో వస్తాయి. 10 మిల్లీమీటర్ల m6 పిన్ను 10.006 నుంచి 10.015 వరకు ఉండవచ్చు. పిన్ను వ్యాసంలోని తప్పు M లో 2.73 రెట్లు అవుతుంది కాబట్టి, 10.015 ఉన్న జతను 10.000 అనుకుంటే M లో 0.041 తేడా వస్తుంది. మన మొత్తం టాలరెన్స్‌లో అయిదింట నాలుగు వంతులు దీనికే ఖర్చయిపోతుంది. డ్రిల్లు కాడలను వాడటం అంతకంటే చెడ్డది. అవి వాడుకలో గీతలు పడి ఉంటాయి, అన్నిచోట్లా ఒకే వ్యాసం ఉండవు.

పిన్నుల నడుమ ఖాళీని దేనితో కొలవడం మంచిది?

స్లిప్ గేజులు ఉంటే వాటితోనే. మన కింది పరిమితి 26.536 ను 20, 4.5, 1.03, 1.006 ముక్కలతో కట్టవచ్చు. 1.03 ముక్క తీసి 1.08 పెడితే పై పరిమితి 26.586 తయారవుతుంది. మొదటి కట్ట లోపలికి జారి, రెండోది జారకపోతే M పరిమితుల్లో ఉంది. అంకె చదవవలసిన అవసరం లేదు, చేతి ఒత్తిడి మీద ఆధారపడటం తక్కువ. స్లిప్ గేజు కొలత ముఖాలు నిలువుగా ఉండేలా కట్టను అడుగు మీద పెట్టాలి. పిన్ను దాన్ని 5 మిల్లీమీటర్ల ఎత్తులో తాకుతుంది కాబట్టి 9 మిల్లీమీటర్ల గేజు పక్క వెడల్పు అందుకు సరిపోతుంది.

టెలిస్కోపిక్ గేజుతో కూడా కొలవవచ్చు, కానీ దాన్ని పిన్నులకు అడ్డంగా, అడుగుకు సమాంతరంగా పట్టుకోవాలి. కొంచెం ఏటవాలుగా ఉన్నా ఎక్కువ చూపిస్తుంది. స్ప్రింగ్ ఒత్తిడికి పిన్ను పైకి లేస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. వాలు గోడ దాని మీదికి వంగి ఉంటుంది కనుక పక్కకు నెట్టే కొద్దీ పిన్ను మూలలోకే దిగుతుంది. భయపడవలసింది మూలలో మిగిలిన చిప్పుకు. కొలిచే ముందు మూలలను తుడిచి, పిన్నును వేలితో నొక్కి పట్టి తిప్పి చూడాలి. నునుపుగా తిరగక ఒకచోట ఎగిరినట్టు అనిపిస్తే కింద ఏదో ఉంది. మళ్లీ కొలిస్తే 0.02 మారుతోందంటే కూడా కారణం సాధారణంగా అదే.

కొలత తక్కువగా వస్తే ఇంకా ఎంత కోయాలి?

M లో ఎంత తక్కువ ఉందో అంతే. కట్టర్ ఎత్తు కదపకుండా టేబుల్‌ను ఒక వైపుకు 0.10 జరిపి కోస్తే M కూడా 0.10 పెరుగుతుంది, కోణం ఏదైనా సరే. గాడి మధ్య రేఖ స్థానానికి కూడా టాలరెన్స్ ఉంటే ఆ 0.10 ను రెండు వైపులకూ సగం సగం పంచాలి. కట్టర్‌ను కిందికి దించి వెడల్పును పెంచే ప్రయత్నం చేయకూడదు. దానితో లోతు మారుతుంది, లోతుతో పాటు పైన లెక్కించిన పరిమితులన్నీ మారిపోతాయి.

ఒక వైపు టేపర్ గిబ్ ఉన్న గాడికి ఇదే లెక్క సరిపోతుందా?

సూత్రం అదే, కానీ వెడల్పు పొడవునా మారుతుంది కాబట్టి డ్రాయింగ్‌లో ఏ చివర వెడల్పు ఇచ్చారో చూసి, ఆ చివరకు లెక్కించాలి. పొడవైన పిన్నులు ఇక్కడ సమాంతరంగా ఉండవు. పిన్నుల మధ్య స్లిప్ గేజు సరిగ్గా ఆనదు కాబట్టి కొద్దిగా గుండ్రని కొనలున్న లోపలి మైక్రోమీటర్ మేలు. రెండు చివరల నుంచి కొలిచిన స్థానాల మధ్య దూరాన్ని రాసి ఉంచుకుంటే, M ల తేడాను ఆ దూరంతో భాగించి టేపర్‌ను కూడా సరిచూడవచ్చు. టేపర్ లేని సాధారణ గాడిలో కూడా రెండు చివరలా, మధ్యలో కొలవడం మంచి అలవాటు. చివరల దగ్గర M ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటే కోత మొదట్లోనూ చివర్లోనూ కట్టర్ పక్కకు వంగి ఎక్కువ తీసుకుందేమో చూడాలి.

దీనికి జతగా వచ్చే మగ భాగానికి సూత్రం ఏమిటి?

మగ భాగంలో సన్నని మెడ వెడల్పును C అనుకుంటే, బయట పిన్నుల మీద కొలత ఇలా ఉంటుంది:

```
M = C + d × (1 + 1 / tan(θ/2))
```

గుణకం అదే, గుర్తు మాత్రమే మారింది. ఇక్కడ పిన్నులు మెడ పక్కన ఉన్న భుజం మీద కూర్చుంటాయి. డ్రాయింగ్‌లో వెడల్పును మెడ దగ్గర కాకుండా వెడల్పాటి పై ముఖం దగ్గర ఇచ్చి ఉంటే, భుజం నుంచి ఆ ముఖం వరకు అసలు ఎత్తును కొలిచి, 2H/tan(θ) ను తీసివేసి C ను రాబట్టాలి. గాడిలో లోతు చేసిన పనినే ఇక్కడ ఆ ఎత్తు చేస్తుంది.